షాపు 60 బ్యాగులు అడిగింది: హోల్‌సేల్ ధర ఎంత చెప్పాలి?

ఇంట్లోనో చిన్న వర్క్‌షాపులోనో చేతితో వస్తువులు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో, ఎగ్జిబిషన్ స్టాళ్లలో అమ్ముకునే వాళ్లకు ఏదో ఒక రోజు ఇలాంటి మెసేజ్ వస్తుంది: “మీ బ్యాగులు బాగున్నాయి. మా షాపుకి 60 కావాలి. హోల్‌సేల్ రేటు ఎంత?” చాలామంది వెంటనే చిల్లర ధరలోంచి ఇరవై శాతమో ముప్పై శాతమో తీసేసి ఒక అంకె చెప్పేస్తారు. ఆ అంకెకు ఆధారం ఉండదు. ఆర్డర్ సగం కుట్టాక గానీ అది గిట్టుబాటు కాదని తెలియదు, అప్పటికి అడ్వాన్స్ కూడా ఖర్చయిపోయి ఉంటుంది.

హోల్‌సేల్ ధరను చిల్లర ధర తగ్గించి కనుక్కోకూడదు. ముందు మీ ఖర్చు నుంచి పైకి కట్టుకుంటూ హోల్‌సేల్ ధర తేల్చాలి, దాని మీద షాపు మార్జిన్ వేసి చిల్లర ధర తేల్చాలి. ఈ వరుసలో ఎలా వెళ్లాలో ఒకే ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. విజయవాడలో ఒక చిన్న బ్రాండ్ ఉందనుకోండి. పెడన బ్లాక్ ప్రింట్ కలంకారీ గుడ్డతో జిప్పు, అస్తరు ఉన్న టోట్ బ్యాగులు కుట్టి ఒక్కోటి 599 రూపాయలకు అమ్ముతోంది. హైదరాబాద్‌లో ఒక బొటిక్ 60 బ్యాగులు అడిగింది. కింద వాడిన ధరలు లెక్క చూపించడానికి తీసుకున్నవి. మీ ఊళ్లో, మీ గుడ్డకు అయ్యే అసలు ధరలు వాటి స్థానంలో పెట్టుకోండి.

మొదటి మెట్టు: ఒక్క బ్యాగుకు నిజంగా ఎంత అవుతోంది

ముందు సామాను రాసుకోండి. కలంకారీ గుడ్డ మీటరు 160 చొప్పున అర మీటరు, 80 రూపాయలు. దాని మీద తరుగు 6 రూపాయలు. ఈ తరుగు చాలామంది రాయరు. బ్లాక్ ప్రింట్ గుడ్డలో అంచుల దగ్గర అచ్చు సరిగా పడని చోట్లు, రంగు పాకిన మచ్చలు ఉంటాయి. బొమ్మ బ్యాగు మధ్యలోకి రావాలంటే గుడ్డను జరిపి కత్తిరించాలి, ముక్కలు మిగులుతాయి. అందుకే ఏడెనిమిది శాతం తరుగు వేసుకోవాలి. అస్తరు గుడ్డ 35, గుడ్డ గట్టిగా నిలవడానికి లోపల అతికించే ఫ్యూజింగ్ 30, జిప్పు, రన్నర్ కలిపి 12, హ్యాండిళ్ల పట్టీ 18, దారం, లేబుల్, ట్యాగ్ 9, మడిచి పెట్టే కవర్ 10. మొత్తం 200 రూపాయలు.

తర్వాత పని. ఇక్కడే లెక్క ఎక్కువగా తప్పుతుంది. కుట్టే మనిషి మీరే అయినప్పుడు “నా టైమే కదా” అని సున్నా వేసుకుంటారు. నెలకు పది బ్యాగులు అమ్మినంత కాలం ఆ సున్నా మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు. 60 బ్యాగులు వచ్చేసరికి మీ చేతులు సరిపోవు, బయట దర్జీకి ఇవ్వాలి, అప్పుడు ఆ కుట్టుకూలి ఎక్కడినుంచి తేవాలో తెలియదు. కాబట్టి కుట్టేది మీరైనా ఎవరైనా, బయటి మనిషికి ఇచ్చే కూలే వేయాలి. గడియారం దగ్గర పెట్టుకుని వరుసగా మూడు బ్యాగులు కుట్టి, సగటు తీయండి. మన ఉదాహరణలో కటింగ్‌కి 12 నిమిషాలు, ఫ్యూజింగ్ ఇస్త్రీకి 8, కుట్టడానికి 45, దారాలు కత్తిరించి, ఇస్త్రీ చేసి, లోపాలు చూడడానికి 10. మొత్తం 75 నిమిషాలు. గంటకు 80 రూపాయల కూలి అనుకుంటే ఒక్క బ్యాగుకు 100 రూపాయలు.

మూడోది పైఖర్చులు. కరెంటు, గది అద్దెలో ఈ పనికి పోయే వాటా, మిషన్ సర్వీసు, సూదులు, కత్తెర్లు సాన పట్టించడం, ఫోన్ బిల్లు, గుడ్డ తెచ్చుకోవడానికి పెడన వెళ్లొచ్చే చార్జీలు. ఇవన్నీ కలిపి నెలకు 6,000 అయి, నెలకు 150 బ్యాగులు తయారవుతుంటే ఒక్కోదాని మీద 40 రూపాయలు పడుతుంది. మీరు ఒక నెలలో కుట్టగలిగిన గరిష్ఠ సంఖ్యతో భాగించకండి. గత ఆరు నెలల్లో సగటున కుట్టిన సంఖ్యతోనే భాగించండి, లేకపోతే ఈ 40 కాస్తా కాగితం మీద 20 అయిపోతుంది.

200, 100, 40 కలిపితే 340. ఇది బ్యాగు అసలు ఖర్చు. ఈ అంకెకు ఒక్క రూపాయి తక్కువకు అమ్మినా ఎవరి జేబులోంచో డబ్బు పోతున్నట్టే.

రెండో మెట్టు: దిగకూడని హద్దు

340కే అమ్మితే కూలి వస్తుంది గానీ బ్రాండ్‌కి ఏమీ మిగలదు. కొత్త డిజైన్‌కి శాంపిల్ కుట్టాలన్నా, పాడైన బ్యాగు మార్చి ఇవ్వాలన్నా, ఇంకో మిషన్ కొనాలన్నా లాభం ఉండాలి. ఖర్చు మీద 20 శాతం వేయండి. 340కి 68 కలిపితే 408, సరిచేస్తే 410. ఇదే మీ హోల్‌సేల్ హద్దు. ఎంత పెద్ద ఆర్డరైనా, ఎంత పేరున్న షాపైనా ఈ బ్యాగుకు 410 కంటే కిందికి దిగకూడదు.

ఇరవై శాతం ఎందుకు, పది చాలదా? పది శాతమంటే బ్యాగుకు 34 రూపాయలు. 60 బ్యాగుల్లో కుట్టు ఊడిందనో, రన్నర్ పట్టేసిందనో రెండు తిరిగొస్తే 680 పోతుంది. ఒక ట్రాన్స్‌పోర్ట్ పార్సిల్ ఖర్చు, రెండు రోజుల ఆలస్యం తోడైతే మొత్తం 2,040 లాభంలో సగం కనపడదు. మీ పని చాలా కాలంగా నడుస్తూ, తిరిగొచ్చేవి దాదాపు లేవంటే 15 శాతం దాకా రావచ్చు. కొత్తలో 20 ఉండాల్సిందే.

మూడో మెట్టు: షాపు మార్జిన్ దేని మీద?

షాపు వాళ్లకూ అద్దె, జీతాలు, ఏసీ కరెంటు, అమ్ముడుపోక ఉండిపోయే సరుకు, సేల్‌లో ఇచ్చే తగ్గింపు ఉంటాయి. అందుకే బొటిక్‌లు, గిఫ్ట్ షాపులు చిల్లర ధరలో 40 నుంచి 50 శాతం దాకా అడుగుతాయి. ఆ శాతం దేని మీద లెక్కపెడుతున్నారో అడగకుండా ఒప్పుకోవడమే ప్రమాదం.

“మాకు 40 శాతం ఉండాలి” అని షాపు అన్నప్పుడు రెండు అర్థాలు ఉండొచ్చు. కొన్న ధర మీద 40 శాతం వేసుకుంటామనేది ఒకటి. అప్పుడు మీ 410 బ్యాగు 574కి అమ్ముతారు. అమ్మే ధరలో 40 శాతం మాది అనేది రెండోది. అప్పుడు అమ్మే ధరలో 60 శాతమే మీకు వస్తుంది, 410 మీకు రావాలంటే బ్యాగు 683కి అమ్మాలి. రెండింటి మధ్య 109 రూపాయల తేడా. షాపుల వాళ్లు ఎక్కువగా రెండో అర్థంలోనే మాట్లాడతారు. అయినా ఫోన్‌లో ఒప్పుకునే ముందు అంకెలతోనే అడగండి: “మేము ఎంతకు ఇస్తే మీరు ఎంతకు అమ్ముతారు?” ఆ రెండు అంకెలు వచ్చాక శాతాల గొడవే ఉండదు.

ఇప్పుడు చూడండి. ఇన్నాళ్లూ 599కి అమ్ముతున్నారు. షాపు అందులో 40 శాతం తనకు కావాలంటే మీకు వచ్చేది 359. ఖర్చు 340 పోగా బ్యాగుకు 19 రూపాయలు మిగులుతుంది, 60 బ్యాగులకు 1,140. రెండు బ్యాగులు తిరిగొస్తే అందులో సగానికి పైగా పోతుంది. షాపు 50 శాతం అడిగితే మీకు వచ్చేది 300 కూడా ఉండదు, ప్రతి బ్యాగు మీదా నలభై రూపాయలు మీ చేతి నుంచి వేసుకోవాలి. ఇక్కడ షాపు అన్యాయంగా ఏమీ అడగలేదు. 599 అనే మీ చిల్లర ధరే మొదటినుంచీ తక్కువ. నేరుగా అమ్ముకునేటప్పుడు షాపు చేసే పని కూడా మీరే చేశారు, దానికి కూలి వేసుకోలేదు.

ఈ బ్యాగు చిల్లర ధర 699 కావాలి. 699లో 60 శాతం 419, సరిచేస్తే హోల్‌సేల్ ధర 420. ఇది 410 హద్దు కంటే పైన ఉంది, షాపుకు దాదాపు 40 శాతం మిగులుతోంది. 50 శాతం కావాలనే షాపుకైతే చిల్లర ధర 820 దాటాలి. ఈ సైజు కాటన్ టోట్‌ని ఆ షాపులో ఆ ధరకు కొనేవాళ్లు ఉన్నారా అనేది అక్కడ ఇప్పటికే వేలాడుతున్న బ్యాగుల ధరలు చూస్తే తెలుస్తుంది. మాట్లాడే ముందు ఒకసారి కొనేవాళ్లలా వెళ్లి చూడడం, లేదా ఆ ఊళ్లో ఉన్న తెలిసినవాళ్లను పంపి ఫొటోలు తెప్పించుకోవడం మంచిది.

షాపుకు ధర చెప్పకముందే మీ పేజీలో 599ని 699 చేయండి. ముందు కోట్ పంపి, తర్వాత పేజీలో ధర మారిస్తే షాపు వాళ్లు గమనిస్తారు, తమ కోసమే పెంచారనుకుంటారు. పాత కస్టమర్లకు “ఫలానా తేదీ నుంచి కొత్త ధర” అని వారం ముందు చెబితే చాలు. ఆ వారంలో పాత ధరకు వచ్చిన ఆర్డర్లు పాత ధరకే ఇవ్వండి.

నాలుగో మెట్టు: ఎక్కువ తీసుకుంటే నిజంగా ఎంత తగ్గుతుంది

“60 తీసుకుంటున్నాం కదా, ఇంకా తగ్గించండి” అని అడుగుతారు. ఫ్యాక్టరీలో వెయ్యి ముక్కలు చేస్తే ఒక్కోదాని ఖర్చు బాగా పడిపోతుంది. చేతిపనిలో అంత పడదు, ఎంత పడుతుందో లెక్క చెప్పొచ్చు. అర మీటరు చొప్పున 60 బ్యాగులకు, తరుగుతో కలిపి 32 మీటర్లు దాటి గుడ్డ కావాలి. ముక్కలుగా కాకుండా మొత్తం తానుగా కొంటే మీటరు 160 బదులు 145కి రావచ్చు, అంటే బ్యాగుకు 8 రూపాయలు మిగులు. ఒకదాని మీద ఒకటి పరిచి నాలుగైదు పొరలు కలిపి కత్తిరిస్తే 12 నిమిషాల కటింగ్ 7 నిమిషాలకు తగ్గుతుంది, ఇంకో 7 రూపాయలు మిగులు. కుట్టడానికి పట్టే 45 నిమిషాలు మాత్రం మొదటి బ్యాగుకైనా అరవయ్యో బ్యాగుకైనా అంతే. మొత్తం మీద తగ్గేది 15 రూపాయలు.

కాబట్టి పెద్ద ఆర్డర్‌కి ఇచ్చే తగ్గింపు ఈ 15లోంచే రావాలి. ఈ బ్యాగుకు 99 దాకా 420, 100 నుంచి 410 అని పెట్టుకోవచ్చు. ఆర్డర్ రెట్టింపు చేస్తే ధర 350కి తెస్తారా అని అడిగితే ఒప్పుకోకండి. పని రెట్టింపవుతుంది, మొత్తం లాభం మాత్రం తగ్గుతుంది.

తాను ఒకేసారి కొనడంలో ఇంకో లాభం ఉంది, అది డబ్బు కంటే ముఖ్యం. కలంకారీలో అద్దకానికీ అద్దకానికీ రంగు మారుతుంది. ముఖ్యంగా ఎరుపు, నలుపు ఒక విడత ముదురుగా, ఇంకో విడత లేతగా వస్తాయి. మొదట 20 బ్యాగులకు, తర్వాత 40కి గుడ్డ తెచ్చుకుంటే షాపులో ఒకే అరలో రెండు రంగులు కనిపిస్తాయి, సగం సరుకు వెనక్కి వస్తుంది. మొత్తం గుడ్డ ఒకే విడతలో, రెండు మీటర్లు అదనంగా కొనండి. ఏ డిజైన్‌కైనా కనీసం 12 బ్యాగులు తీసుకోవాలనే షరతు పెట్టడానికి కారణం కూడా ఇదే. పన్నెండు డిజైన్లలో ఐదేసి బ్యాగులు అడిగితే తాను ధర రాదు, పొరలు పరిచి కత్తిరించడం కుదరదు. ఆ ఆర్డర్‌ను చిల్లర పనిలాగానే లెక్కకట్టాలి.

ఐదో మెట్టు: ఈ ఆర్డర్ తీసుకోవాలా?

చిల్లరగా 699కి అమ్మితే, హోల్‌సేల్‌గా 420కి ఇస్తే తేడా 279 కనిపిస్తుంది. నిజమైన తేడా అంత లేదు. చిల్లరలో కొరియర్ 70, దానికి అదనపు ప్యాకింగ్ 10, పేమెంట్ గేట్‌వే కోత రెండు శాతం చొప్పున 14, కస్టమర్‌తో చాటింగ్, ప్యాకింగ్, కొరియర్ ఆఫీసు తిరుగుడు కలిపి 20 నిమిషాల పనికి 27, ప్రకటనలకు ఒక్కో అమ్మకం మీద 40 అనుకుంటే మొత్తం 161. 699లోంచి 161, ఆపైన 340 తీసేస్తే చిల్లర లాభం 198. హోల్‌సేల్‌లో 420లోంచి 340 పోగా 80, దానికి గుడ్డ, కటింగ్‌లో మిగిలిన 15 కలిపితే 95.

ఇప్పుడు నిర్ణయం తేలిక. 60 బ్యాగుల హోల్‌సేల్ లాభం 5,700. అంతే లాభం చిల్లరలో రావాలంటే 29 బ్యాగులు అమ్మాలి. కటింగ్ తగ్గాక ఒక్కో బ్యాగుకు 70 నిమిషాలు, 60 బ్యాగులకు 70 గంటలు. ఇద్దరు మనుషులు రోజుకు ఆరేసి గంటలు నిజంగా మిషన్ మీద కూర్చుంటే ఆరు రోజులు. ఏదో ఒకటి అడ్డొస్తుంది కాబట్టి పది రోజులు పెట్టుకోండి. ఆ పది రోజుల్లో మీకు మామూలుగా 29 చిల్లర ఆర్డర్లు వస్తాయా? రావనుకుంటే హోల్‌సేల్ తీసుకోండి. దసరా, దీపావళి ముందు ఎగ్జిబిషన్లు ఉండి, చేతిలో ఉన్న సరుకే చాలడం లేదంటే షాపుకు నెల తర్వాతి తేదీ ఇవ్వండి. పండగ ముందు చిల్లర పని ఆపి హోల్‌సేల్ కుట్టడం వల్ల బాగా నష్టపోతారు. షాపుకూ పండగ సరుకు కావాలంటే రెండు నెలల ముందు ఆర్డర్ ఇవ్వమని అడగడం న్యాయమే.

ఆరో మెట్టు: ధరతో పాటు తేల్చుకోవాల్సినవి

420 అనే అంకె, డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియకుండా అసంపూర్ణం. 60 బ్యాగుల బిల్లు 25,200. సగం అడ్వాన్స్ అంటే 12,600. మీ సామాను ఖర్చు 60 ఇంటూ 200, అంటే 12,000. సగం అడ్వాన్స్ అడగడంలో ఉన్న లెక్క ఇదే. గుడ్డ, జిప్పులు, ఫ్యూజింగ్ షాపు డబ్బుతోనే వస్తాయి, మధ్యలో వాళ్లు వద్దన్నా మీరు అప్పులో పడరు. మిగిలిన సగం సరుకు పంపే ముందు, ప్యాక్ చేసిన ఫొటోలు చూపించి తీసుకోవాలి.

మిగతా సగానికి 45 రోజుల అరువు అడిగితే దానికీ ధర ఉంది. మీరు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నడుపుకుంటే 12,600 మీద నెలన్నరకు 378 అవుతుంది, బ్యాగుకు ఆరు రూపాయల పైన. అరువు ధర 430, వెంటనే ఇస్తే 420 అని రెండూ చెప్పండి. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, దాన్ని ఆర్డర్‌కు ముందే చేయించుకోండి. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారుకు కొన్నవాళ్లు ఒప్పందంలో రాసుకున్న గడువులో డబ్బు ఇవ్వాలి, ఆ గడువు 45 రోజులు దాటకూడదు. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే చక్రవడ్డీ పడుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా తోడైంది. గడువు దాటి బాకీ ఉంచిన సొమ్మును కొన్నవాళ్లు చెల్లించేదాకా ఖర్చుగా చూపించుకోలేరు. బిల్లు మీద ఉద్యమ్ నంబర్ వేస్తే షాపు అకౌంటెంటే గుర్తుచేస్తాడు.

కొన్ని షాపులు కొనవు, పెట్టుకుని అమ్ముతాయి. అమ్ముడైనవాటికే డబ్బు, మిగిలినవి వెనక్కి. దీన్ని హోల్‌సేల్ ధరకు ఒప్పుకోకండి. సరుకు అమ్ముడుపోదేమో అన్న రిస్కు మీ మీద ఉన్నప్పుడు షాపు వాటా తగ్గాలి. 30 శాతం అంటే 699లో మీకు 489 వస్తుంది. అయినా మొదటిసారే 60 ఇవ్వకండి. 12 ఇచ్చి, 60 రోజులు గడువు పెట్టి, నెలనెలా లెక్క చూసుకోండి. షాపులో మాసినా, ఎండకు రంగు వెలిసినా, పోయినా వాళ్లే కట్టాలని రాయించుకోండి. కలంకారీని గాజు కిటికీలో ఎండ తగిలేచోట వేలాడదీస్తే రంగు పోతుంది. అది ముందే చెప్పకపోతే వెలిసిన బ్యాగులు చివరికి మీ దగ్గరికే వస్తాయి.

పన్ను గురించి రెండు మాటలు. సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలు. కానీ విజయవాడ నుంచి హైదరాబాద్‌కి అమ్మితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. దానికి మామూలుగా టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. జాబితాలో ఉన్న హస్తకళా వస్తువులకు కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. మీ బ్యాగు ఆ జాబితాలోకి వస్తుందో లేదో అకౌంటెంట్‌తో తేల్చుకున్నాకే కోట్ పంపండి. రిజిస్ట్రేషన్ ఉంటే ధర లెక్క మారుతుంది. ట్యాగ్ మీద వేసే ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది కదా. పన్ను 5 శాతం అనుకుంటే 699లో అసలు ధర 666, అందులో షాపు 40 శాతం తీసుకుంటే మీకు 399 మిగులుతుంది. అది 410 హద్దు కంటే కిందికి దిగిపోయింది. అప్పుడు ఎమ్మార్పీ 725 వేయాలి. 725లో పన్ను తీస్తే 690, దానిలో 60 శాతం 414. గుడ్డ, జిప్పుల మీద మీరు కట్టిన పన్ను వెనక్కి వస్తే ఖర్చు కొంచెం తగ్గుతుంది గానీ, దాన్ని నమ్ముకుని ధర తగ్గించకండి.

ఏడో మెట్టు: కోట్ పంపడం, బేరం

ఫోన్‌లో ధర చెప్పకండి. “లెక్క చూసి రేపు పంపుతానండీ” అనండి, రాసి పంపండి. ఇలా ఉంటే చాలు:

“నమస్తే మేడమ్. కలంకారీ జిప్ టోట్, అస్తరుతో. ఎమ్మార్పీ 699. మీకు ధర ఒక్కోటి 420 (100 నుంచి 410). డిజైన్‌కి కనీసం 12. అడ్వాన్స్ 50 శాతం, మిగతాది పంపే ముందు. అడ్వాన్స్ అందిన రోజు నుంచి 15 రోజుల్లో విజయవాడలో పార్సిల్ వేస్తాం, ట్రాన్స్‌పోర్ట్ చార్జీ మీది. కుట్టులో, జిప్పులో లోపం ఉంటే సరుకు అందిన 7 రోజుల్లో చెప్పండి, మార్చి ఇస్తాం. అద్దకంలో చిన్న తేడాలు కలంకారీలో సహజం. ఈ ధర 30 రోజులు వర్తిస్తుంది.”

చేతికి పది రోజులు చాలినా, పదిహేను రాయండి. ట్రాన్స్‌పోర్ట్ ఎవరిదో రాయకపోతే చివర్లో మీ మీద పడుతుంది. రంగు తేడా వాక్యం లేకపోతే సహజమైన తేడాను కూడా లోపంగా లెక్కేసే వీలుంటుంది.

షాపు “350 అయితే తీసుకుంటాం” అంటే ఈ బ్యాగు ధర తగ్గించకండి, 350కి సరిపోయే వేరే బ్యాగు చూపించండి. అస్తరు, జిప్పు తీసేస్తే సామానులో 47 తగ్గుతుంది, కుట్టులో 20 నిమిషాలు, అంటే 27 తగ్గుతుంది. ఖర్చు 340 నుంచి 266కి వస్తుంది, 20 శాతం లాభం వేస్తే 319. దీన్ని 359కి ఇచ్చి, 599 ఎమ్మార్పీ వేయొచ్చు, షాపుకు 40 శాతం మిగులుతుంది. మరీ బేరమాడితే 350కి దిగినా మీకు నష్టం లేదు. తగ్గింపు అడిగిన షాపుకు ఇలా చూపిస్తే కొందరు మొదటి బ్యాగే తీసుకుంటారు, కొందరు దీన్ని తీసుకుంటారు. పాత బ్యాగునే 350కి ఇస్తే మాత్రం తర్వాత వచ్చే షాపులన్నీ ఆ 350 నుంచే బేరం మొదలుపెడతాయి. షాపుల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

సరుకు షాపులో ఉన్నన్నాళ్లు మీ పేజీలో అదే బ్యాగు 699 కంటే తగ్గించి అమ్మకూడదు. 20 శాతం ఆఫర్ పెడితే అది 559 అవుతుంది. షాపులో బ్యాగు చేత్తో పట్టుకున్న మనిషి ఫోన్‌లో మీ పేజీ చూసి, ఇక్కడ పెట్టేసి అక్కడ కొంటుంది. షాపు రెండోసారి మిమ్మల్ని అడగదు. ఆఫర్ పెట్టాలనుకుంటే షాపుకు ఇవ్వని డిజైన్ల మీద పెట్టండి. ఏడాదికి ఒకసారి పాత డిజైన్లు వదిలించుకునే సేల్ ఉంటే దాని తేదీ షాపుకు ముందే చెప్పి, వాళ్ల దగ్గర ఉన్న సరుకుకూ అదే తేదీల్లో తగ్గించుకోమనండి.

ఆర్డర్ కుట్టేటప్పుడు మొదటి పది బ్యాగులకు మళ్లీ గడియారం పెట్టండి. మూడు బ్యాగుల మీద కొలిచిన 75 నిమిషాలకూ, రోజంతా కూర్చుని కుట్టే వేగానికీ తేడా ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత పని నెమ్మదిస్తుంది, ఊడదీసి మళ్లీ కుట్టాల్సినవి ఒకటి రెండు వస్తాయి. సగటు 85 నిమిషాలు తేలితే కూలి ఖర్చు 113 అవుతుంది, హద్దు 424కి పోతుంది. ఈ ఆర్డర్‌లో ఒప్పుకున్న 420 మార్చకండి, దానికే పూర్తి చేసి ఇవ్వండి. రెండో ఆర్డర్ అడిగినప్పుడు ఆ రోజు తాను ధర, కొత్త నిమిషాల లెక్క వేసి తాజా కోట్ పంపండి. 30 రోజుల గడువు పెట్టింది అందుకే.